పలుకు దగ్గర ఒకరు, ముద్ద దగ్గర ఒకరు

ఫిబ్రవరి నెల, ఆదివారం సాయంత్రం. బెల్జియం, నెదర్లాండ్స్ సరిహద్దులను ఆనుకుని ఉన్న ఆఖెన్ అనే జర్మన్ పట్నం. అక్కడ ఒక స్టూడెంట్ హాస్టల్ వంటింట్లో ఇద్దరమ్మాయిలు ఒక బియ్యం సంచీ ముందు నిలబడి వాదించుకుంటున్నారు. ఒకరిది తెనాలి, ఇంకొకరిది ఇరాన్‌లో కాస్పియన్ సముద్రం దగ్గరున్న రష్త్. కథ కోసం ఒకరిని హారిక అని, ఇంకొకరిని షీరీన్ అని పిలుద్దాం. మనుషులు కల్పితం, వంట మాత్రం నిజం. అందులోని కొలతలు, నిమిషాలు ఎవరైనా ఇంట్లో చేసి చూసుకోవచ్చు.

హారికకు మంగళవారం పొద్దున ఉష్ణ ప్రసారం పరీక్ష. షీరీన్‌కు బుధవారం స్టాటిస్టిక్స్. జర్మన్ విశ్వవిద్యాలయాల్లో మామూలుగా ఒక సబ్జెక్టుకు మూడు అవకాశాలే ఇస్తారు. మూడోసారి కూడా తప్పితే ఆ డిగ్రీ అక్కడితో ఆగిపోవచ్చు. హారికకు ఇది రెండోసారి. పైగా ఆదివారం కాబట్టి సూపర్ మార్కెట్లన్నీ మూత, కాలేజీ క్యాంటీన్ కూడా లేదు. వారమంతా బ్రెడ్డు, చీజుతో గడిపిన ఇద్దరికీ ఆ సాయంత్రం వేడివేడి అన్నం కావాలి. ఉన్నవాటితోనే వండుకోవాలి.

హారిక అరలో కందిపప్పు, పసుపు, ఆవాలు, జీలకర్ర, ఎండుమిరపకాయలు, అమ్మ సూట్‌కేసులో సర్ది పంపిన మూడు లీటర్ల కుక్కరు ఉన్నాయి. చింతపండు నాలుగు రోజుల క్రితమే అయిపోయింది. షీరీన్ అరలో బాస్మతి బియ్యం, చిటికెడు కుంకుమపువ్వు, పెరుగు, ఒక సీసా నిండా ఎండు నిమ్మకాయలు, ఇంటి నుంచి తెచ్చుకున్న నాన్‌స్టిక్ గిన్నె. ఇద్దరి దగ్గరా ఉల్లిపాయలున్నాయి, రెండు టమాటాలున్నాయి.

బియ్యం అప్పటికే నానుతున్నాయి. గొడవ మొదలైంది అక్కడే. షీరీన్ రెండు కప్పుల బియ్యాన్ని నాలుగైదు నీళ్లు కడిగి, గంట ముందే నానేసింది. ఆ నీళ్లలో ఉప్పు వేసింది. ఇప్పుడు రెండున్నర లీటర్ల నీళ్లు పొయ్యి మీద పెట్టి, వాటిలో ఇంకో మూడు పెద్ద చెంచాల ఉప్పు వేయబోతోంది.

"ఆగాగు," అంది హారిక. "అన్నంలో ఉప్పేంటి?"

"ఉప్పు లేకుండా అన్నం ఎలా తింటారు?" అంది షీరీన్.

ఇద్దరి ఆశ్చర్యమూ నిజమైనదే. మన ఇళ్లలో రోజూ వండే అన్నంలో ఉప్పు వెయ్యం. ఉప్పు, పులుపు, కారం అన్నీ కలుపుకునే పదార్థంలో ఉంటాయి, అన్నం వాటిని మోస్తుంది అంతే. ఇరానీ పద్ధతిలో అన్నానికే ఒక రుచి ఉండాలి. అందుకే సముద్రపు నీళ్లను తలపించే ఉప్పునీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు మొత్తం వార్చేస్తారు. వేసిన ఉప్పులో చాలా భాగం నీళ్లతోపాటే పోతుంది, మెతుకులో మిగిలేది కొంచెమే. ఉప్పు వేస్తే నీళ్లు ఎక్కువ వేడి మీద మరిగి అన్నం త్వరగా ఉడుకుతుందని కొందరు అంటారు. లెక్క వేస్తే అది తేలదు. రెండున్నర లీటర్లకు మూడు పెద్ద చెంచాల ఉప్పు అంటే, మరిగే వేడి అర డిగ్రీ కూడా పెరగదు. ఇక్కడ ఉప్పు రుచికోసమే.

హారికకు ఇది లెక్కగా తోచింది కాబట్టి ఒప్పుకుంది. ఉప్పు అన్నంలో పడితే పప్పులో తగ్గించాలి. పప్పును విడిగా రుచి చూస్తే కాస్త చప్పగా అనిపించాలి, అన్నంలో కలిపాక సరిపోవాలి. ఆ రాత్రి ఆమె చేసిన మొదటి సర్దుబాటు అదే.

షీరీన్ ఊరి గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. రష్త్ ఉన్న గీలాన్ ప్రాంతం ఇరాన్‌లో వరి పండే చోటు. సెఫీద్‌రూద్ నది కాస్పియన్‌లో కలిసేచోట డెల్టా, వానలు, మడులు ఉంటాయి. ఎడారుల దేశమనుకునే మనకు అది ఇరాన్‌లా అనిపించదు. తెనాలి కృష్ణా డెల్టాది. అంటే ఇద్దరూ మడుల పక్కన పెరిగినవాళ్లే. గీలాన్‌లో రోజువారీ అన్నాన్ని కతే అంటారు. సరిపడా నీళ్లు పోసి, వార్చకుండా, ఇగిరేదాకా వండడమే కతే. మన అత్తెసరు కూడా అంతే. అతిథులు వచ్చినప్పుడు, సెలవు రోజున, మనసు పెట్టి వండాలనుకున్నప్పుడు చేసేది చెలో. సగం పైగా ఉడికించి, వార్చి, మళ్లీ ఆవిరి మీద మగ్గబెట్టేదాన్ని అలా పిలుస్తారు. పరీక్షల వారంలో చెలో ఎందుకని హారిక అడిగింది. "పొయ్యి మీద పెట్టాక ముప్పావు గంట దాని జోలికి వెళ్లక్కర్లేదు. చదువుకోవచ్చు," అంది షీరీన్.

నీళ్లు తెర్లుతున్నాయి. షీరీన్ నానిన బియ్యం వంపి అందులో పోసింది. ఇక్కడినుంచి ఆమె గడియారం చూడలేదు, మెతుకే చూసింది. నాలుగో నిమిషం నుంచి నిమిషానికోసారి ఒక మెతుకు తీసి పళ్ల మధ్య కొరికింది. బియ్యపు గింజలో రెండు రకాల పిండి ఉంటుంది. నీళ్లు, వేడి తగిలినప్పుడు 65 నుంచి 75 డిగ్రీల మధ్య ఆ పిండి ఉబ్బి మెత్తబడుతుంది. వేడి బయటి నుంచి లోపలికి పోతుంది కాబట్టి మెతుకు పైన మెత్తబడ్డాక కూడా నడుమ ఒక సన్నని గట్టి గీత మిగులుతుంది. మనం దాన్నే పలుకు అంటాం. పలుకు ఉంటే మన ఇంట్లో అన్నం ఇంకా అవ్వలేదని అర్థం. చెలోకి మాత్రం దించాల్సిన క్షణం సరిగ్గా అదే. ఎందుకంటే వార్చాక ఇంకా ముప్పావు గంట ఆవిరిలో మగ్గాలి. ఆ పలుకు అప్పుడు ఉడుకుతుంది. పలుకు పోయేదాకా నీళ్లలోనే ఉంచితే ఆవిరిలో అన్నం చిమిడిపోతుంది.

హైదరాబాద్ వాళ్లకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. దమ్ బిర్యానీకి బియ్యం వార్చేది కూడా పలుకు దగ్గరే. గోల్కొండ రాజ్యం స్థాపించిన సుల్తాన్ కులీ ఇరాన్‌లోని హమదాన్ నుంచి వచ్చినవాడు. 1591లో హైదరాబాద్ కట్టినప్పుడు దాని వెనక ఉన్న మంత్రి మీర్ మోమిన్ కూడా ఇరానీయుడే. వంట ఎవరి నుంచి ఎవరికి వెళ్లిందో తేల్చే పని ఇక్కడ పెట్టుకోను. ఒక మూతా, ఒక సన్నని సెగా, వార్చిన బియ్యమూ మాత్రం రెండు చోట్లా ఒకటే.

ఆరో నిమిషంలో షీరీన్ చిల్లుల గిన్నె సింక్‌లో పెట్టింది. హారిక ఒక మెతుకు వేళ్ల మధ్య పట్టి నలిపింది. నడుమ గట్టిగా తగిలింది.

"ఇది ఉడకలేదు," అంది.

"ఉడకకూడదు," అంది షీరీన్.

"ఆవిరి మీద పెట్టాక ఉడుకుతుంది, సరే. అయినా పొడిపొడిగానే ఉంటుంది కదా. నేను పప్పు కలుపుకునేది చేత్తో. మెతుకు వేళ్ల కింద నలగాలి, ముద్ద కట్టాలి. నీ అన్నంలో పప్పు పోస్తే కిందికి జారిపోతుంది."

షీరీన్ చెంచా, ఫోర్కుతో తింటుంది. ఇరాన్‌లో అన్నం తినేది అలాగే. మెతుకులు విడివిడిగా ఉంటేనే చెంచాలో నిలుస్తాయి, పైన పోసిన కూర మెతుకుల మధ్యకు ఇంకుతుంది. చేత్తో తినేవారికి అదే మెతుకు మొండికేస్తుంది. ఎవరి అన్నం మంచిదన్నది వాళ్లు ఎలా తింటారన్నదాన్ని బట్టి ఉంటుంది. దీని మీద ఇద్దరిలో ఎవరూ ఎవరినీ ఒప్పించలేదు. ఇలాంటి కథల్లో ఈపాటికి ఒకరి వంట ఇంకొకరికి తెగ నచ్చేసి కళ్లు చెమర్చాలి. నాకు అలాంటి కథలు రుచించవు. పరీక్ష ముందు ఆకలితో ఉన్న మనిషికి కావలసింది తన అన్నం తనకు నచ్చినట్టు ఉండడమే.

దారి హారికకే తట్టింది. గిన్నె ఒకటే, నీళ్లు ఒకటే, మారేది ఎప్పుడు ఆపుతామన్నది మాత్రమే. షీరీన్ మూడొంతుల బియ్యం వార్చింది. మిగిలిన ఒక వంతు, కొంచెం గంజితో సహా, గిన్నెలోనే ఉండిపోయింది. హారిక దాన్ని ఇంకో అయిదు నిమిషాలు ఉడికించింది. మెతుకు వేళ్ల మధ్య పలుకు లేకుండా నలిగాక గంజి వార్చి, కెటిల్‌లోని వేడినీళ్లు అర కప్పు పోసి ఒకసారి కడిగి, మళ్లీ వంపేసింది. ఉప్పునీళ్లలో ఎక్కువసేపు ఉన్న అన్నం ఎక్కువ ఉప్పు పీల్చుకుంటుంది, ఆ కడగడం అందుకు. తర్వాత మూత పెట్టి పది నిమిషాలు పక్కన ఉమ్మగిల్లనిచ్చింది. బాస్మతి ఎంత మెత్తగా ఉడికినా సోనామసూరి అన్నంలా ముద్ద కట్టదు. అయినా చేత్తో తినడానికి సరిపోయింది.

ఇప్పుడు షీరీన్ పని. నాన్‌స్టిక్ గిన్నెలో మూడు పెద్ద చెంచాల నూనె, రెండు చెంచాల నీళ్లు పోసింది. ఒక కప్పు వార్చిన అన్నంలో రెండు చెంచాల పెరుగు, వేడినీళ్లలో నానబెట్టిన కుంకుమపువ్వు కలిపి గిన్నె అడుగున పలచగా పరిచి, గరిటెతో నొక్కింది. మిగిలిన అన్నాన్ని దాని మీద గోపురంలా పేర్చింది. అన్నం గిన్నె గోడలకు తగలకపోతే ఆవిరి చుట్టూ తిరగడానికి చోటు ఉంటుంది, అంచులు ఎండవు. గరిటె కాడతో అయిదారు చోట్ల అడుగుదాకా గుచ్చింది. అడుగున పుట్టిన ఆవిరి ఆ దారుల్లో పైకి వస్తుంది. మూతకు శుభ్రమైన గుడ్డ చుట్టి పెట్టింది. గుడ్డ లేకపోతే ఆవిరి మూత కింద నీటి చుక్కలై పైన ఉన్న అన్నం మీద రాలి, అక్కడ మెతుకు ముద్దయిపోతుంది. ఆ గుడ్డ కొసలు పొయ్యి మీదికి వేలాడకుండా మూత పైన ముడి వెయ్యడం మరచిపోకూడదు.

మొదటి ఏడెనిమిది నిమిషాలు సెగ మధ్యస్థంగా ఉండాలి. ఆవిరి నిండిందో లేదో చూడడానికి షీరీన్ వేలు తడుపుకుని గిన్నె పక్క గోడను ఒక్క క్షణం తాకింది. చుయ్యిమంది. వెంటనే సెగ బాగా తగ్గించింది. హాస్టల్‌లో ఉన్నది గాజు పలక కరెంటు పొయ్యి. తగ్గించినా వెంటనే చల్లబడదు, ఇంకా కొన్ని నిమిషాలు పాత వేడిలోనే ఉంటుంది. ఆ సంగతి తెలియక మొదట్లో చాలామంది అడుగు మాడ్చుకుంటారు. అందుకే ఆమె చుయ్యిమన్న వెంటనే గిన్నెను రెండు నిమిషాలు పొయ్యి పక్కకు జరిపి, పలక చల్లబడ్డాక మళ్లీ పెట్టింది.

అడుగున తయారవుతున్న ఆ పొరను ఇరానీయులు తాహ్‌దిగ్ అంటారు. బంగారు రంగులో, కరకరలాడుతూ ఉంటుంది. విందులో ముందు అయిపోయేది అదే.

"మా అమ్మ దీన్ని మాడు అంటుంది," అంది హారిక. "అడుగంటిందని తిడుతుంది."

తేడా ఎక్కడుందో ఆమె మంగళవారం రాయబోయే పరీక్షలోనే ఉంది. షీరీన్ అడిగింది కూడా. "అడుగు ఎర్రగా వేగుతుంటే పైన అన్నం ఎందుకు మాడదు? ఒకే గిన్నె కదా."

హారిక పుస్తకం పక్కన పెట్టి చెప్పింది. నీళ్లున్నంతసేపు అన్నం వేడి 100 డిగ్రీలు దాటదు. ఎంత సెగ పెట్టినా ఆ వేడంతా నీళ్లను ఆవిరి చెయ్యడానికే పోతుంది. అడుగున ఉన్న పలచని పొరలో నీళ్లు ముందు అయిపోతాయి. అప్పటినుంచి ఆ పొర ఒక్కటే వేడెక్కుతుంది. 140 డిగ్రీలు దాటుతుంటే పెరుగులోని మాంసకృత్తులు, చక్కెరలు, బియ్యపు పిండి కలిసి రంగు తిరుగుతాయి, వేపుడు వాసన వస్తుంది. పైన ఉన్న అన్నంలో తేమ ఉంది కాబట్టి అది 100 దగ్గరే ఆగిపోయి, మెల్లగా మగ్గుతుంది. నూనె చేసే పని వేడిని పొర మొత్తానికీ సమానంగా పంచడం. నూనె లేకపోతే గిన్నెకు తగిలిన చోట నల్లబడి, తగలని చోట పచ్చిగా ఉంటుంది. మన ఇళ్లలో అడుగంటినప్పుడు జరిగేది అదే. నూనె లేదు, సెగ ఎక్కువ, నీళ్లు ఎప్పుడైపోయాయో ఎవరూ చూడలేదు. వేగిన వాసన దాటి చేదు వాసన వచ్చిందంటే ఆలస్యమైపోయినట్టే.

"ఇది మంగళవారం అడిగితే బాగుణ్ణు," అంది హారిక.

ముప్పావు గంట మిగిలింది. అప్పుడు పప్పు మొదలైంది. ముప్పావు కప్పు కందిపప్పు ముందే అరగంట నానింది. రెండు కప్పుల నీళ్లు, చిటికెడు పసుపు వేసి కుక్కర్ పెట్టింది. మూడో విజిల్‌కు పక్క గదిలో ఉన్న జర్మన్ అబ్బాయి తలుపు తోసుకుని వచ్చాడు. ఆదివారం పూట అక్కడ గట్టి చప్పుడే తప్పు, ఇది ఏ పైపు పేలబోతోందో అనుకున్నాడట. వెళ్లేముందు వాసన చూసి, ఇంకెంతసేపట్లో అవుతుందని అడిగాడు.

షీరీన్ కుక్కర్ మూత తీసేదాకా నిలబడి చూసింది. లోపల పసుపుపచ్చని పప్పు. ఆమె ముఖం వెలిగింది. "గెయ్‌మే!" అంది. గెయ్‌మే అనేది పచ్చటి పప్పు బద్దలు, మాంసం, టమాటా, ఎండు నిమ్మకాయలతో చేసే ఇరానీ కూర. అంతలోనే హారిక పప్పు గుత్తి లేక గరిటె వెనకతో పప్పును ఎనపడం మొదలుపెట్టింది.

"ఏం చేస్తున్నావ్! పప్పు చెదిరిపోతుంది!"

గెయ్‌మేలో బద్ద నోట్లో మెత్తగా ఉండాలి గానీ ఆకారం పోకూడదు. చెదిరి పులుసులో కలిసిపోతే కూర పాడైనట్టే. మన పప్పుకు బద్ద కనిపిస్తే పాడైనట్టు. షీరీన్ వెంటనే వాళ్లమ్మకు ఫోన్ చేసింది. రష్త్‌లో రాత్రి తొమ్మిదిన్నర. తెనాలిలో అప్పుడు పదకొండున్నర, హారిక వాళ్లమ్మ ఎప్పుడో పడుకుంది, కాబట్టి తీర్పు ఒకవైపే వచ్చింది. "పప్పును చెదరనివ్వకు తల్లీ," అంది షీరీన్ వాళ్లమ్మ. అప్పటికే గరిటె తన పని చేసేసింది.

పులుపు సంగతి మాత్రం ఇద్దరూ కలిసి తేల్చారు. చింతపండు లేదు. షీరీన్ సీసాలోంచి రెండు ఎండు నిమ్మకాయలు తీసింది. ఉప్పునీళ్లలో ఉడికించి, ఎండలో నల్లబడేదాకా ఎండబెట్టినవి. గుల్లగా, తేలికగా, పొగ వాసనలాంటి వాసనతో ఉంటాయి. వాటిని ఫోర్కుతో నాలుగైదు చోట్ల పొడిచి, పది నిమిషాలు వేడినీళ్లలో వేసి ఆ నీళ్లు పారబోయాలి. చేదు కొంత అందులో పోతుంది. కాయలను ఉడికిన పప్పులో వేసి, తరిగిన టమాటా, ఉల్లిపాయలతో, ఒకటిన్నర కప్పుల నీళ్లతో పదిహేను నిమిషాలు సన్నగా మరిగించింది. తర్వాత గరిటెతో ఒక్కసారి నొక్కి, రుచి చూసి, పులుపు సరిపోగానే కాయలు తీసి పడేసింది. ఎక్కువసేపు ఉంచితే గింజల నుంచి చేదు దిగుతుంది. ఒకసారి చేదెక్కిన పప్పును బాగుచెయ్యడం కష్టం.

నిమ్మకాయలను కుక్కర్‌లోనే పప్పుతో కలిపి ఎందుకు వెయ్యలేదని షీరీన్ అడగలేదు, ఆమెకు తెలుసు. పులుపు ఉన్న నీళ్లలో పప్పు బద్ద తొందరగా మెత్తబడదు. బద్దను పట్టి ఉంచే పెక్టిన్ అనే జిగురు పులుపులో కరగకుండా మొండికేస్తుంది. మన ఇళ్లలో పప్పు ఉడికాకే చింతపండు రసం పొయ్యడం అందుకే. రష్త్‌లోనూ నిమ్మకాయ చివర్లోనే పడుతుంది. బద్ద ఎక్కడ ఆగాలన్న విషయంలో విడిపోయినవాళ్లు, పులుపు ఎప్పుడు పడాలన్న విషయంలో ఒక్కమాట మీద ఉన్నారు.

తాలింపు మిగిలింది. హాస్టల్‌లో ఇది చిన్న విషయం కాదు. గదుల పైకప్పుకున్న స్మోక్ అలారం గాల్లో తేలే సన్నని కణాలను పట్టుకుంటుంది. అవి కట్టె పొగవా, కాగిన నూనెవా, మాడిన మిరపకాయవా దానికి అనవసరం. హారిక వంటింటి తలుపు మూసి, కిటికీ తీసింది. చలి లోపలికి కొట్టింది. చిన్న గిన్నెలో రెండు చెంచాల నూనె మధ్యస్థ సెగ మీద కాచి, ఒక్క ఆవగింజ వేసి చూసింది. అది చిటపటమన్నాకే మిగిలినవి వేసింది. ఆవాలు పేలేది లోపలి తేమ ఆవిరై తొక్క చీల్చుకు రావడం వల్ల. నూనె పొగలు కక్కేదాకా కాగనక్కర్లేదు. ఆవాల చప్పుడు తగ్గగానే గిన్నె దించేసి, ఆ వేడి మీదే జీలకర్ర, ఎండుమిరపకాయలు, ఒక వెల్లుల్లి రెబ్బ వేసి మూత పెట్టింది. మిరపకాయ వేగింది, మాడలేదు. అలారం మోగలేదు. కరివేపాకు లేదు, అది లేని లోటు తెలిసింది.

షీరీన్ గిన్నె దించి, అడుగును చల్లటి నీళ్లున్న సింక్‌లో ఒక నిమిషం ఉంచింది. వేడి ఒక్కసారిగా తగ్గి అడుగు పొర గిన్నె నుంచి విడివడుతుంది. పైన ఉన్న అన్నం తీసి పళ్లెంలో పోసి, అడుగు పొరను గరిటెతో ఎత్తింది. మూడు ముక్కలైంది. ఒక అంచు ముదురు గోధుమ రంగులోకి వెళ్లింది. పొయ్యి రింగు గిన్నె కంటే పెద్దది, అంచుకు ఎక్కువ సెగ తగిలింది. జర్మన్ అబ్బాయి తన పళ్లెంతో సరిగ్గా అప్పుడే వచ్చాడు. ఆ ముదురు ముక్క అతనికి పోయింది, అతనికి అదే నచ్చింది.

హారిక తన మెత్తటి అన్నంలో పప్పు కలుపుకుని తాహ్‌దిగ్ ముక్కను అప్పడంలా నంజుకుంది. షీరీన్ పొడి అన్నం మీద పప్పు పోసుకుని చెంచాతో తింది. కొంత జారిపోయింది. "కొంచెం చిక్కగా ఉంటే నాకు బాగుండేది," అంది. హారికకు అది చారుగానే బాగుంది.

తినడం అయ్యేసరికి ఎనిమిది దాటింది. పొడి అన్నం రెండు కప్పుల దాకా మిగిలింది. సోమవారం ఇద్దరికీ లైబ్రరీలోనే పగలంతా. ఇక్కడ జాగ్రత్త అవసరం. చలిదేశం కదా, గిన్నె మూతపెట్టి బల్ల మీదే వదిలేద్దామని హారిక అనుకుంది. కానీ హీటర్ ఉన్న వంటింట్లో 20 డిగ్రీలు దాటే ఉంటుంది. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు మామూలుగానే ఉంటాయి. అవి ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే మొలకెత్తి విషం వదులుతాయి. ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. 2008లో బ్రస్సెల్స్‌లో 20 ఏళ్ల విద్యార్థి ఒకరు అయిదు రోజులు వంటింట్లో బయటే ఉన్న స్పఘెట్టి వేడిచేసుకుని తిని చనిపోయారు. ఆ మరణాన్ని తర్వాత వైద్య పత్రికలో నమోదు చేశారు. అలాంటిది అరుదు. వాంతులు, విరేచనాలు మాత్రం అంత అరుదు కాదు, పరీక్ష రోజున అవి చాలు.

షీరీన్ మిగిలిన అన్నాన్ని వెడల్పాటి పళ్లెంలో పలచగా పరిచింది. లోతు గిన్నెలో నడుమ అన్నం గంటలకొద్దీ వెచ్చగా ఉంటుంది. పళ్లెంలో అరగంటలో చల్లారింది. వెంటనే డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టింది. మర్నాడే తినేయాలని ఇద్దరూ అనుకున్నారు.

ఫ్రిజ్‌లో పెట్టిన అన్నం మర్నాటికి బిరుసెక్కుతుంది. ఉడికినప్పుడు విప్పుకున్న పిండి పోగులు చలిలో మళ్లీ దగ్గరికి చేరి గట్టిపడతాయి. ఒక చెంచా నీళ్లు చిలకరించి, మూతపెట్టి, పొగలు వచ్చేదాకా వేడిచేస్తే మళ్లీ మెత్తబడుతుంది. సోమవారం పొద్దున హారిక అలాగే చేసి, పసుపు, తాలింపు, ఒక నిమ్మకాయ పిండి పులిహోర కలిపింది. పొడిపొడి మెతుకు పులిహోరకు బాగా కుదిరింది. షీరీన్ చెలోకి ఆమె పెట్టిన మొదటి మార్కు అదే. తాహ్‌దిగ్ ముక్కొకటి మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టారు గానీ, పొద్దునకి అది మెత్తగా, జిగురుగా తయారైంది. పక్కనున్న అన్నంలోని తేమంతా పీల్చుకుంది. దాన్ని దించిన పావుగంటలో తినేయాలి.

ఇంట్లో ఇది చెయ్యాలనుకునేవారికి ఒక్క మాట. సోనామసూరితో కూడా తాహ్‌దిగ్ వస్తుంది. గింజ చిన్నది కాబట్టి నానబెట్టేది అరగంట చాలు. మరిగే నీళ్లలో పడ్డాక మూడో నిమిషం నుంచే మెతుకు కొరికి చూస్తుండాలి, పలుకు తొందరగా పోతుంది. నాన్‌స్టిక్ గిన్నె లేకపోతే అడుగున అన్నానికి బదులు అర సెంటీమీటరు మందాన తరిగిన బంగాళాదుంప చక్రాలు పరిస్తే అంటుకోవు. ఇరాన్‌లో అదీ తాహ్‌దిగ్గే. గ్యాస్ పొయ్యి అయితే సన్నటి మంట కూడా ఎక్కువ కావచ్చు, గిన్నె కింద పాత పెనం ఒకటి పెట్టుకోవాలి.